టాప్-అప్ పాలసీయా, పెద్ద బేస్ పాలసీయా? నా పొరపాటు నేర్పిన లెక్క



ఈసారి వ్యాధి గురించి కాక, వ్యాధి తెచ్చిపెట్టే బిల్లు గురించి వ్రాస్తున్నాను. ప్రభుత్వ వైద్యుడిగా మూడు దశాబ్దాలకు పైగా పనిచేసినా రోగికి నా చేతులతో ఒక్క బిల్లు కూడా వ్రాసి ఇవ్వలేదు. అందుకే కాబోలు, ఆరోగ్య బీమా విషయంలో నాకున్నది అరకొర తెలివి. ఆ అరకొర తెలివితో మా మేనల్లుడికి ఒక సలహా ఇచ్చాను. దాని మూలంగా అతనికి రెండున్నర లక్షల రూపాయలు చేతినుంచి పడ్డాయి. ఆ లెక్కను దాచుకోకుండా మీ ముందుంచితే మరొక కుటుంబానికైనా పనికివస్తుందని ఈ వ్యాసం.

మాది ఆలంపూర్. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు. పెద్ద జబ్బు వస్తే నది దాటి కర్నూలుకు వెళ్లడం మాకు తరతరాల అలవాటు. అక్కడా కుదరకపోతే హైదరాబాదు. మా మేనల్లుడు గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనాల వ్యాపారం చేసే ఒక కంపెనీలో లెక్కల విభాగంలో పనిచేసేవాడు. జీతం నెలకు 45 వేలు. భార్య, ఇద్దరు పిల్లలు. కంపెనీ వారు కుటుంబమంతటికీ కలిపి ఏడాదికి 3 లక్షల ఆరోగ్య బీమా ఇచ్చారు.

ఇటువంటి కుటుంబాల స్థితి విచిత్రమైనది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాలలో మా ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. కాని అది తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి. ఈ కుటుంబానికి ఆ కార్డు లేదు. ఇ.ఎస్.ఐ. వర్తించాలంటే జీతం నెలకు 21 వేలు మించరాదు. ఇతని జీతం అంతకు రెండింతలు. పేదల పథకం అందదు, పెద్ద ఆసుపత్రి బిల్లును సొంతంగా భరించే స్తోమత లేదు. కంపెనీ ఇచ్చిన ఆ 3 లక్షలే ఆధారం.

2022 వేసవిలో అతను నన్ను అడిగాడు. “మామయ్యా, 3 లక్షలు చాలవంటున్నారు. సొంతంగా పెద్ద పాలసీ తీసుకోమంటావా, లేక టాప్-అప్ అని ఏదో ఉందట, అది చాలా చవక, అది తీసుకోనా?” నేను తడుముకోకుండా చెప్పాను: “మొదటి 3 లక్షలు కంపెనీ ఇస్తుంది కదా. ఆపైన పడే ఖర్చుకు టాప్-అప్ చాలు. రెండింటికీ డబ్బు దండగ ఎందుకు?” ఆ జూన్‌లోనే అతను 3 లక్షల డిడక్టిబుల్‌తో 10 లక్షల టాప్-అప్ తీసుకున్నాడు. ఏటా తప్పకుండా రెన్యూవల్ చేస్తూ వచ్చాడు.

డిడక్టిబుల్ అంటే గడప వంటిది. ఖర్చు ఆ గడప ఎత్తును దాటిన తరువాతనే టాప్-అప్ సంస్థ తన సంచి విప్పుతుంది. గడప లోపలి ఖర్చును కంపెనీ పాలసీ భరించినా, మన జేబు భరించినా దానికి సంబంధం లేదు. ఇంతవరకు నాకు తెలిసినదే. ఆ గడపను ఎన్నిసార్లు దాటాలన్నది మాత్రం నేను చదవలేదు.

ఒకే ఏడాదిలో మూడు చేరికలు

2024 జూలైలో అతని భార్యకు అర్ధరాత్రి పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చింది. నొప్పి వీపులోకి పాకింది, వాంతులు ఆగలేదు. పిత్తాశయంలోని చిన్న రాయి ఒకటి జారి, పిత్తనాళం చివర అడ్డుపడి, క్లోమగ్రంథి వాచింది. క్లోమం తయారుచేసే జీర్ణరసాలు పేగులోకి పోయే దారి లేక ఆ గ్రంథినే కాల్చడం మొదలుపెడతాయి. ఆమెకు క్లోమంలో కొంతభాగం చచ్చుబడింది. కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచారు, అందులో నాలుగు రోజులు ఐ.సి.యు. బీమా చెల్లింపుకు అర్హమైన ఖర్చు 2,60,000 రూపాయలు. కంపెనీ పాలసీ అంతా చెల్లించింది. మేము ఊపిరి పీల్చుకున్నాం.

రాళ్లున్న పిత్తాశయాన్ని తీసివేయకపోతే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. జబ్బు స్వల్పంగా ఉంటే అదే చేరికలో తీసివేయడం మంచిది. క్లోమం చచ్చుబడి, దాని చుట్టూ ద్రవం చేరినప్పుడు మాత్రం ఆ వాపు తగ్గేవరకు వారాల తరబడి ఆగవలసి వస్తుంది. అందువల్ల ఆమెకు అక్టోబరులో లాపరోస్కోపీ ద్వారా శస్త్రచికిత్స చేశారు. ఖర్చు 1,10,000. కంపెనీ పాలసీలో మిగిలింది 40 వేలే. మిగతా 70 వేలు మేనల్లుడు కట్టాడు.

2025 జనవరిలో గద్వాల నుంచి బండిమీద వస్తూ అతనే పడిపోయాడు. తొడ ఎముక విరిగింది. ఎముకలో రాడ్ వేశారు. ఖర్చు 1,80,000. కంపెనీ పాలసీ అప్పటికి పూర్తిగా ఖాళీ. ఆ మొత్తం కూడా అతనిదే. భార్య గాజులు, గొలుసు బ్యాంకులో తాకట్టుకు వెళ్లాయి.

ఏడాది మొత్తానికి ఖర్చు 5,50,000. కంపెనీ ఇచ్చినది 3,00,000. అతను కట్టినది 2,50,000. టాప్-అప్ ఇచ్చినది సున్నా.

మంచం మీద కాలు చాపుకొని కూర్చున్న అతను ఆ తిరస్కరణ ఉత్తరాన్ని నా చేతికిచ్చాడు. “మామయ్యా, ఖర్చు 3 లక్షలు దాటిందిగా. మరి ఎందుకు ఇవ్వరు?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి తెచ్చుకొని పాలసీ పత్రం అంతా చదివాను. జవాబు అందులో స్పష్టంగానే ఉంది. బీమా సంస్థ మోసం చేయలేదు, నేనే చదవలేదు.

మామూలు టాప్-అప్‌లో డిడక్టిబుల్ ప్రతి క్లెయిముకు విడివిడిగా వర్తిస్తుంది. ఒక్క చేరికలోనే ఖర్చు 3 లక్షలు దాటాలి. మాకు మూడుసార్లలో ఏదీ దాటలేదు: 2,60,000, తరువాత 1,10,000, తరువాత 1,80,000. మూడుసార్లూ గడప ఇవతలే ఆగిపోయాం. వ్యాధి తిరగబెట్టి 45 రోజులలోపు అదే ఆసుపత్రికి వెళ్లితే రెండింటినీ ఒకే అనారోగ్యంగా పరిగణించే నిర్వచనం పాలసీలలో ఉంటుంది. కాని జూలై చేరికకూ అక్టోబరు శస్త్రచికిత్సకూ మధ్య వ్యవధి అంతకంటే చాలా ఎక్కువ. తొడ ఎముకకు క్లోమంతో సంబంధమే లేదు.

సూపర్ టాప్-అప్‌లో లెక్క వేరు. పాలసీ సంవత్సరంలో కుటుంబానికి అయిన అర్హమైన ఖర్చులన్నిటినీ కూడి, ఆ మొత్తం గడప దాటిందా అని చూస్తారు. అదే జూన్‌లో అదే డిడక్టిబుల్‌తో సూపర్ టాప్-అప్ తీసుకొని ఉంటే 5,50,000లో 3 లక్షలు పోను 2,50,000 పూర్తిగా వచ్చేది. ‘సూపర్’ అన్న ఒక్క మాటను ప్రకటనల ఆర్భాటమని నేను కొట్టిపారేశాను. ఆ మాట విలువ 2,50,000 రూపాయలు.

వైద్యుడిగా నాకు ఇది ముందే తట్టవలసింది. పెద్ద జబ్బులు చాలావరకు ఒక్కసారిగా బిల్లు పెట్టవు, విడతలుగా పెడతాయి. రొమ్ము క్యాన్సరుకు ముందు శస్త్రచికిత్స, ఆపైన మూడేసి వారాలకు ఒకసారి కీమోథెరపీ, ఆపైన రేడియేషన్. గుండెలో రెండు రక్తనాళాలు మూసుకుపోతే ఈ వారం ఒక స్టెంటు, కొన్ని వారాల తరువాత మరొకటి. డయాలసిస్ అయితే వారానికి రెండు మూడుసార్లు. విడతకొక గడప పెట్టే పాలసీ ఈ జబ్బుల నడకకు సరిపడదు. ఏడాదికి ఒకే గడప ఉండే పాలసీ సరిపడుతుంది.

సంవత్సరం ఎప్పుడు మొదలవుతుంది?

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. సూపర్ టాప్-అప్ లెక్క వేసే ఏడాది ఆ పాలసీ మొదలైన తేదీ నుంచి నడుస్తుంది. కంపెనీ పాలసీకి వేరే ఏడాది ఉంటుంది. మా మేనల్లుడి కంపెనీ పాలసీ ఏప్రిల్ నుంచి మార్చి వరకు.

ఒకవేళ అతని దగ్గర సూపర్ టాప్-అప్ ఉండి, దాని ఏడాది నవంబరులో మొదలై అక్టోబరులో ముగిసేదనుకుందాం. జూలై, అక్టోబరు ఖర్చులు ఒక ఏడాదిలో పడతాయి. వాటి మొత్తం 3,70,000. గడప దాటిన 70 వేలు వస్తాయి. జనవరిలో విరిగిన తొడ ఎముక కొత్త ఏడాదిలో పడుతుంది. అక్కడ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 1,80,000 గడప లోపలే ఉంటుంది. కంపెనీ పాలసీకేమో ఇంకా పాత ఏడాదే, అది అప్పటికే ఖాళీ. కాబట్టి ఆ 1,80,000 మళ్లీ అతని నెత్తినే పడుతుంది.

ఆ జబ్బులే, ఆ బిల్లులే, ఆ డిడక్టిబులే. తేదీ ఒక్కటి మారడంతో రావలసిన 2,50,000 కాస్తా 70 వేలు అయింది. అందువల్ల కంపెనీ పాలసీ మీద ఆనుకునే సూపర్ టాప్-అప్‌ను వీలైనంతవరకు కంపెనీ పాలసీ మొదలయ్యే నెలలోనే మొదలుపెట్టాలి. కంపెనీ పాలసీ తేదీలు మీ హెచ్.ఆర్. వారిని అడిగితే చెబుతారు. ఇ-కార్డు మీద కూడా ఉంటాయి.

శివరాత్రినాటి లెక్క

2025 ఫిబ్రవరిలో శివరాత్రికి మేనల్లుడు చేతికర్ర ఊతంతో మా ఇంటికి వచ్చాడు. జాగరణ పేరుతో ఇద్దరం కాగితాలు ముందేసుకొని కూర్చున్నాం. ఈసారి చదవకుండా ఒక్క మాట కూడా చెప్పకూడదని నిశ్చయించుకున్నాను.

టాప్-అప్‌ను సూపర్ టాప్-అప్‌గా మార్చుకుంటే సరిపోతుందని అతని ఆలోచన. లెక్క ప్రకారం నిజమే. అయినా నన్ను ఒక ప్రశ్న వెంటాడింది. “అల్లుడూ, గడప లోపలి 3 లక్షలు ఈరోజు కంపెనీ కడుతోంది. నీ ఉద్యోగం పోయిన మరునాడు ఎవరు కడతారు?” అన్నాను. అతను మాట్లాడలేదు. విత్తనాల వ్యాపారం ఒడిదుడుకులలో ఉందని, కంపెనీని మరొకరు కొంటారని అప్పటికే వినికిడి.

కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా ఉద్యోగంతో ముడిపడినది. ఉద్యోగం వదిలితే అది సాధారణంగా ఆ రోజుతో ఆగిపోతుంది. సూపర్ టాప్-అప్ మాత్రం మన సొంతం కనుక నడుస్తూనే ఉంటుంది, కాని 3 లక్షల ఎత్తున గాలిలో వేలాడుతుంది. కింద మెట్లు ఉండవు. జీతం కూడా రాని రోజులలో మొదటి 3 లక్షలు మనమే తేవాలి.

కొన్ని కంపెనీలు ‘జీతంలోంచి కొంత కడితే మీ 3 లక్షలను 5 లక్షలు చేస్తాం’ అంటాయి. ఇది కూడా బేస్ పెంచుకోవడమే, చవకగానే వస్తుంది, ఉన్న జబ్బులకు కూడా చాలావరకు వెంటనే వర్తిస్తుంది. కాని అదీ ఉద్యోగంతోనే పోతుంది. దానిని అదనపు రక్షణగా తీసుకోవచ్చుగాని, పునాదిగా లెక్కించరాదు.

‘ఉద్యోగం పోయినప్పుడే సొంత పాలసీ తీసుకుంటాను’ అనవచ్చు. ఇక్కడ వైద్యం అడ్డు వస్తుంది. క్లోమంలోనే ఇన్సులిన్ తయారవుతుంది. దానిలో కొంతభాగం చచ్చుబడిన మేనల్లుడి భార్యకు ఆరునెలలు తిరక్కముందే మధుమేహం వచ్చింది. జూలైకి ముందు ఆమె పూర్తి ఆరోగ్యవంతురాలు. ఇప్పుడు బీమా భాషలో ముందునుంచే జబ్బు ఉన్న మనిషి. కొత్త సొంత పాలసీలో అటువంటి జబ్బులకు నిరీక్షణ కాలం ఉంటుంది. భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం అది 36 నెలలు మించరాదు. అంతకుముందు 48 నెలల వరకు ఉండేది. ఆ మూడేళ్ల గడియారం పాలసీ తీసుకున్న రోజునే తిరగడం మొదలవుతుంది. 2022లోనే సొంత బేస్ పాలసీ తీసుకొని ఉంటే, తరువాత వచ్చిన ఈ మధుమేహానికి నిరీక్షణే ఉండేది కాదు. పాలసీ తీసుకున్నాక వచ్చిన జబ్బు ముందున్న జబ్బు కాదు. చవక అని నేను టాప్-అప్ చూపించిన రోజు అతను పోగొట్టుకున్నది డబ్బు ఒక్కటే కాదు, ఆరోగ్యంగా ఉన్నప్పటి తేదీ కూడా.

ఇక ఖరీదు సంగతి. ఆ నలుగురికి కలిపి అప్పట్లో మాకు వచ్చిన కొటేషన్లు సుమారుగా ఇలా ఉన్నాయి. సొంత బేస్ పాలసీ 5 లక్షలకు ఏడాదికి 17 వేలు. అదే 10 లక్షలకు 22 వేలు. 5 లక్షల డిడక్టిబుల్ మీద 20 లక్షల సూపర్ టాప్-అప్‌కు 5 వేలు. వయసును, ఊరిని, సంస్థను బట్టి ఇవి మారతాయి కనుక అంకెలను కాక, వాటి మధ్య ఉన్న పొందికను చూడండి. మొదటి 5 లక్షలకే ఖరీదంతా. ఎందుకంటే జ్వరాలు, ఎముకలు విరగడం, పిత్తాశయం వంటి మామూలు చేరికలన్నీ ఆ మొదటి లక్షలలోనే తేలిపోతాయి. సంస్థకు తరచుగా చెల్లింపులు పడేది అక్కడే. పై లక్షల దాకా వెళ్లేవారు కొద్దిమంది. అందుకే సూపర్ టాప్-అప్ చవక. అందులో మాయ ఏమీ లేదు.

కాబట్టి 22 వేలు పెట్టగలిగితే రెండు దారులున్నాయి. 10 లక్షల బేస్ ఒక్కటే తీసుకోవడం. లేదా 5 లక్షల బేస్, దానిమీద 20 లక్షల సూపర్ టాప్-అప్ తీసుకోవడం. మొదటి దారిలో సుఖం ఉంది: ఒకే సంస్థ, ఒకే కాగితం, నగదు రహిత చికిత్సకు ఒకే అనుమతి. వృద్ధాప్యంలో తిరగలేనివారికి, కాగితాల పని చూసే మనిషి ఇంట్లో లేనివారికి నేను దానినే సూచిస్తాను. రెండవ దారిలో అదే డబ్బుకు 25 లక్షల వరకు రక్షణ ఉంది. నలభైలలో ఉన్న, కాగితాలు సర్దుకోగల ఉద్యోగికి అది మేలు.

మేనల్లుడు రెండవ దారి ఎంచుకున్నాడు. 2025 మార్చిలో 5 లక్షల సొంత బేస్, 5 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్-అప్ తీసుకున్నాడు. పాత టాప్-అప్‌ను జూన్‌లో రెన్యూవల్ చేయలేదు. ఇక్కడ డిడక్టిబుల్‌ను కంపెనీ ఇచ్చే 3 లక్షలకు కాక, సొంత బేస్ మొత్తానికి సరిపెట్టిన సంగతి గమనించండి. కంపెనీ బీమా ఉన్నన్నాళ్లు దానినే ముందు వాడుకుంటాడు. అది పోయినా గడపకూ నేలకూ మధ్య ఖాళీ ఉండదు.

దరఖాస్తులో భార్యకు వచ్చిన క్లోమం వాపు, పిత్తాశయం తీసివేత, మధుమేహం అన్నీ వ్రాయించాను. ఏజెంటు ‘మధుమేహం వ్రాయకండి, ప్రీమియం పెరుగుతుంది’ అన్నాడు. వ్రాయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆసుపత్రిలో చేరిన మొదటి గంటలోనే జూనియర్ డాక్టరు ‘మధుమేహం ఎన్నాళ్లనుంచి?’ అని అడుగుతాడు. మనవాళ్లు నిజం చెబుతారు. అది కేసు షీటులోకి, అక్కడినుంచి డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. బీమా సంస్థ మొట్టమొదట చదివేది ఆ కాగితాన్నే. పాలసీ వరుసగా 60 నెలలు నడిచాక ‘మీరు చెప్పలేదు’ అన్న కారణంతో క్లెయిమును తిరస్కరించరాదన్న నియమం ఉంది, కాని మోసం రుజువైతే అది కాపాడదు. పైగా ఆ ఐదేళ్లలోపు జబ్బు రాదని ఎవరు చెప్పగలరు? ప్రీమియం కొంత పెరిగింది. పెరగనిమ్మన్నాను.

క్లెయిము సమయంలో

రెండు సంస్థల పాలసీలున్నప్పుడు మొదటిదానిలో నగదు రహితంగా చికిత్స జరిగినా, పై మొత్తాన్ని చాలాసార్లు మనమే కట్టి తరువాత రాబట్టుకోవలసి వస్తుంది. అందుకు మొదటి సంస్థ ఎంత చెల్లించిందో తెలిపే సెటిల్‌మెంటు లెటరు, ఆసుపత్రి ధ్రువీకరించిన బిల్లుల నకళ్లు, డిశ్చార్జి సమ్మరీ కావాలి. చిన్న చేరిక కదా, గడప దాటదు కదా అని ఈ కాగితాలను పారవేయకూడదు. ఏడాది మొత్తాన్ని కూడే పాలసీలో జూలై బిల్లే జనవరి క్లెయిముకు సాక్ష్యం. మొదటి చేరికనాడే సూపర్ టాప్-అప్ సంస్థకు కూడా ఒక సమాచారం పంపి ఉంచాలి.

ఆసుపత్రి బిల్లు మొత్తమంతా గడప లెక్కలోకి రాదు. చేతి తొడుగులు, రిజిస్ట్రేషన్ రుసుము వంటివాటిని చాలా పాలసీలు చెల్లించవు. సూపర్ టాప్-అప్ సంస్థ తన నిబంధనల ప్రకారం అర్హమైన ఖర్చునే కూడుతుంది. జూలైలో మా అసలు బిల్లు 2,78,000, అర్హమైనది 2,60,000. మిగిలిన 18 వేలు ఏ పాలసీ లెక్కలోనూ లేవు, అవి చేతినుంచి పోయినవే.

తరువాత జరిగినది

వినికిడి నిజమైంది. 2025 జూన్‌లో కంపెనీ చేతులు మారి, ఆ కార్యాలయం మూతపడింది. కంపెనీ బీమా ఆ రోజుతో ముగిసింది. గ్రూపు బీమా నుంచి బయటికి వచ్చే సభ్యుడు అదే సంస్థ ఇచ్చే వ్యక్తిగత పాలసీలోకి మారడానికి నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. గ్రూపులో గడిపిన కాలం నిరీక్షణ లెక్కలో కలుస్తుంది. కాని సంస్థ ఆరోగ్యాన్ని పరిశీలించి అంగీకరించాలి, వ్యక్తిగత పాలసీ ధర కట్టాలి. ఆఖరి రోజుకు ముందే అడగాలి. సొంత పాలసీ లేని ఉద్యోగి ఉద్యోగం వదిలేముందు తప్పక అడగవలసిన మాట ఇది.

సెప్టెంబరులో, మేనల్లుడు ఇంకా పని వెతుక్కుంటుండగా, పన్నెండేళ్ల కొడుకుకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు తగ్గడం కంటే, జ్వరం తగ్గుతున్న రోజున పొట్టనొప్పి, నీరసం, ఆగని వాంతులు మొదలవడం నన్ను ఎక్కువ భయపెట్టింది. వెంటనే కర్నూలు పంపాను. ఐదు రోజుల తరువాత పిల్లవాడు క్షేమంగా తిరిగివచ్చాడు. అర్హమైన ఖర్చు 62 వేలు. సొంత బేస్ పాలసీ మొత్తం చెల్లించింది. శివరాత్రినాడు అతను అనుకున్నట్లు సూపర్ టాప్-అప్ ఒక్కటే తీసుకొని ఉంటే ఆ 62 వేలు గడప లోపలే ఉండిపోయేవి. తాకట్టుకు పోవడానికి ఇంట్లో బంగారం కూడా మిగల్లేదు.

అదే నెల 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జి.ఎస్.టి. తొలగించారు. సొంత పాలసీ ఖరీదని వెనుకాడినవారు ఒకసారి కొత్త కొటేషన్ అడిగి చూడడం మంచిది.

మీ ఇంట్లో టాప్-అప్ పాలసీ ఏదైనా ఉంటే ఈ రాత్రే తీసి చూడండి. డిడక్టిబుల్ అన్న మాట పక్కన ‘ప్రతి క్లెయిముకు’ అని ఉందా, ‘పాలసీ సంవత్సరంలో మొత్తానికి’ అని ఉందా? ఆ మొత్తాన్ని, ఉద్యోగం లేనినాడు కూడా, ఎవరు కడతారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే మీకు ఏ దారి తగినదో మీకే తెలుస్తుంది.

మేనల్లుడికి ఇప్పుడు కర్నూలులోనే మరొక ఉద్యోగం దొరికింది. అక్కడ కంపెనీ బీమా 2 లక్షలే. ఈసారి అతను నన్ను సలహా అడగలేదు. గాజులు విడిపించాడు, గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. అతని భార్య మధుమేహానికి సొంత పాలసీ వర్తించేది 2028 మార్చి నుంచి. అంతవరకు ఆమె చక్కెరను అదుపులో ఉంచే బాధ్యత మాత్రం నేను తీసుకున్నాను. ప్రతి నెలా ఆమె రక్తపరీక్ష కాగితం నా బల్లమీదకు వస్తుంది. ఈ కాగితమైతే నాకు చదవడం వచ్చు.